తెలుగు ప్రతికి విలువ లేనప్పుడు దానిపై రైతు సంతకం ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

సౌర విద్యుత్ ప్లాంటుకు భూములు లీజుకు ఇచ్చిన రైతుల గోడు గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. అందులో ఒక అధికారి అన్న మాట ఇన్ని రోజులైనా నన్ను వదలడం లేదు. సంతకం పెట్టే ముందు రైతులు ఒప్పందాన్ని చదువుకోవాల్సిందని ఆయన అన్నారు. రైతులు చదివారండీ. చదువు రానివారు పిల్లల చేత చదివించుకుని విన్నారు. అయితే వారు చదివింది తెలుగు ప్రతి, ఇప్పుడు వారిని కట్టిపడేస్తున్నది ఇంగ్లీషు ప్రతి. ఈ రెండింటికీ తేడా ఉందన్న సంగతిని మీ విలేకరి ఒక్క వాక్యంలో దాటేశారు. అసలు గొడవంతా ఆ వాక్యంలోనే ఉంది.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం దగ్గర దస్తావేజులు రాసి బతికినవాణ్ని నేను. మా దగ్గరి బంధువుల ఐదెకరాల మెట్ట భూమికి సంబంధించి ఇలాంటి లీజు ఒప్పందం ఈ మధ్య నా చేతికి వచ్చింది. కంపెనీ పేరు రాయను, ఇక్కడ పేరుతో పనిలేదు. 28 ఏళ్ల లీజు. మొదట ఎకరాకు ఏడాదికి 30,000 రూపాయలు. తెలుగు ప్రతిలో ‘ప్రతి రెండేళ్లకు ఒకసారి, అప్పటికి నడుస్తున్న లీజు సొమ్ముపై 5 శాతం పెంచి చెల్లిస్తారు’ అని ఉంది. ఇంగ్లీషు ప్రతిలో ఆ 5 శాతాన్ని మొదటి ఏడాది నిర్ణయించిన సొమ్ము మీదే లెక్కగడతారు. అంటే 28 ఏళ్లూ పెంపు 30,000 మీదే, పెరిగిన మొత్తం మీద కాదు.

చూడడానికి ఇది చిన్న తేడాలాగే ఉంటుంది. కాగితం మీద లెక్క వేసి చూశాను. తెలుగు ప్రతి ప్రకారం చివరి రెండేళ్లలో ఎకరాకు ఏడాదికి సుమారు 56,570 రూపాయలు రావాలి. ఇంగ్లీషు ప్రకారం వచ్చేది 49,500. మొత్తం 28 ఏళ్లకు కలిపితే ఎకరాకు దాదాపు 63 వేల తేడా, ఐదెకరాలకు మూడు లక్షల పైచిలుకు. మొదటి రెండేళ్లూ రెండు ప్రతుల ప్రకారం వచ్చే సొమ్ము ఒకటే. మూడో ఏడు మొదటిసారి పెంచినప్పుడు కూడా రెండు లెక్కలకూ 31,500 రూపాయలే వస్తాయి. తేడా బయటపడేది ఐదో ఏట, అదీ ఎకరాకు 75 రూపాయలు. అంత చిన్న మొత్తాన్ని ఎవరు గమనిస్తారు? గమనించే నాటికి తెలుగు ప్రతి ఏ పెట్టె అడుగున ఉంటుందో, సంతకం చేసిన పెద్దాయన ఉంటారో లేదో.

రెండో తేడా ఇంకా పెద్దది. ఆరు నెలల ముందు నోటీసు ఇచ్చి ‘ఉభయ పక్షాల్లో ఎవరైనా’ లీజు రద్దు చేసుకోవచ్చని తెలుగులో ఉంది. ఇంగ్లీషులో ఆ హక్కు కంపెనీకి మాత్రమే ఉంది. భూమి యజమానికి లేదు. ఇక మూడోది చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. రెండు ప్రతుల మధ్య భేదం వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుందన్న షరతు చివరి పేజీకి ముందు ఇంగ్లీషులో ఉంది. తెలుగులో ఆ షరతే లేదు. తాను చదివిన కాగితానికి విలువ లేదని రైతుకు చెప్పే ఒక్క వాక్యాన్ని రైతు చదవగలిగిన భాషలో రాయలేదు.

ఇది పొరపాటా, కావాలని చేశారా అన్నది నేను తేల్చలేను. కానీ ఏ పొరపాటు జరిగినా నష్టం ఎవరికన్నది ఆ షరతు ముందే తేల్చేసింది. అనువాదం చేయించింది కంపెనీ. అందులో తప్పు వస్తే భరించేది రైతు. దస్తావేజు రాయించినవారు తమ రాతకు తాము కట్టుబడాలి కదా. ఇక్కడ అంతా తలకిందులైంది.

కోర్టుకు వెళ్లవచ్చు కదా అని మీ పాఠకులు అడగవచ్చు. వెళ్లవచ్చు. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి అవుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. మోసం వల్ల గానీ ఉభయుల పొరపాటు వల్ల గానీ దస్తావేజు అసలు ఉద్దేశాన్ని చూపకపోతే దాన్ని సరిదిద్దమని కోరే దారి 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం 26వ సెక్షన్‌లో ఉంది. కానీ ఆ మోసాన్నీ, ఆ పొరపాటునూ రుజువు చేయాల్సింది రైతే. ‘మాకు నోటితో చెప్పింది వేరు’ అంటే రాతపూర్వక ఒప్పందం ముందు ఆ మాట సాధారణంగా నిలవదు. ఐదో ఏట ఎకరాకు 75 రూపాయల తేడా కోసం ఎవరు వకీలును పెట్టుకుంటారు?

ఇంగ్లీషు ప్రతి అసలు ఉండకూడదని నేను అనడం లేదు. అప్పు ఇచ్చే బ్యాంకులు వేరే రాష్ట్రాల్లో ఉంటాయి. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టులో వ్యవహారం ఇంగ్లీషులోనే నడుస్తుంది. రెండు పక్షాలకూ వకీళ్లు ఉండి, రెండు ప్రతులనూ చదివించుకోగలిగిన చోట ఏదో ఒకటే ప్రామాణికమని రాసుకోవడం మంచిదే. ఏమీ రాయకుండా వదిలేస్తే చిక్కు ఎక్కువవుతుంది. నా అభ్యంతరమల్లా ఒక పక్షానికి ఇంగ్లీషు రాదని తెలిసీ, ఆ భాషే చెల్లుతుందని రాయించుకోవడం మీద.

రెండు ప్రతులకూ సమాన విలువ అని రాస్తే సరిపోతుందని కొందరంటారు. సరిపోదు. 1889లో ఇటలీ, ఇథియోపియాలు వుచాలేలో చేసుకున్న ఒప్పందంలో ఇటాలియన్, అమ్హారిక్ ప్రతులు పూర్తిగా ఒకటేనని, రెండూ సమానమేనని రాసుకున్నారు. అయినా 17వ అధికరణం దగ్గర అవి వేరయ్యాయి. ఇతర రాజ్యాలతో వ్యవహారాలకు ఇథియోపియా చక్రవర్తి ఇటలీ సాయం తీసుకోవచ్చని అమ్హారిక్‌లో ఉంటే, ఇటలీ ద్వారానే జరపాలని ఇటాలియన్‌లో ఉంది. ఆ తగవు ముదిరి 1896లో అద్వా యుద్ధం దాకా వెళ్లింది. ఒకటేనని రాసుకోవడం వేరు, పక్కపక్కన పెట్టి ఒక్కొక్క షరతూ సరిచూడడం వేరు.

ఇప్పుడు అధికారుల సంగతి. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని చట్టం చెబుతుంది కాబట్టి ఈ ఒప్పందాలన్నీ సబ్ రిజిస్ట్రార్ ముందుకు వస్తాయి. ఆయన చూసేది సంతకం చేసినవారు వీరేనా, తామే రాసిచ్చామని ఒప్పుకుంటున్నారా, స్టాంపు డ్యూటీ సరిపోయిందా అని. రెండు భాషల పాఠాలు సరిపోతున్నాయా అన్నది ఆయన పని కాదు. అధికారికి అర్థం కాని, జిల్లాలో సాధారణంగా వాడని భాషలో దస్తావేజు వస్తే అనువాదం జత చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్‌లో ఉంది. ఆ సెక్షన్‌కు పట్టింది దస్తావేజు అధికారికి అర్థమవుతుందా అన్నదే. రాసిచ్చే మనిషికి అర్థమవుతుందా అని అది అడగదు. నూరేళ్లు దాటినా అడిగించాలని ఎవరికీ తోచలేదు.

అప్పుల విషయంలో ఈ ఆలోచన ఉంది. 2024 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం వ్యక్తిగత రుణాలకు, చిన్న వ్యాపారుల రుణాలకు ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి. అది అప్పు తీసుకునే వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో ఉన్నది వివరించి, అర్థమైందని రాయించుకోవాలి. కొద్దిపాటి అప్పుకు ఉన్న ఈ రక్షణ 28 ఏళ్లకు భూమి అప్పగించే రైతుకు ఎందుకు లేదు? రిజిస్ట్రేషన్ శాఖ తలుచుకుంటే లీజు దస్తావేజు ముందు ఒక తెలుగు పేజీ చేర్చమనవచ్చు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎన్నేళ్లు, మొదటి సొమ్ము, పెంపు దేనిపైన, ఎవరు రద్దు చేయవచ్చు, ఏ భాష ప్రతి చెల్లుతుంది. ఈ ఏడు విషయాలు చాలు. ఆ పేజీకీ లోపలి ఇంగ్లీషుకూ తేడా వస్తే ఆ పేజీయే చెల్లుతుందని కూడా రాయాలి. చదువుకోవాల్సిందని రైతులకు బుద్ధి చెప్పిన అధికారి ఈ ప్రతిపాదనను తన పై అధికారులకు పంపితే ఆయన మాటకు గౌరవం ఉంటుంది.

మా రోజుల్లో ‘చదివి వినిపించగా సరి అని ఒప్పుకొని’ అన్న వాక్యం రాసే ముందు నిజంగానే చదివి వినిపించేవాళ్లం. విన్న మనిషి ఒక్కో మాట దగ్గర ఆపి అడిగేవాడు. ఇప్పుడు ఆ వాక్యం ముందే అచ్చయి వస్తోంది. చదివినా చదవకపోయినా అది అక్కడ ఉంటుంది. దీనికి నాకెంత బాధగా ఉందో చెప్పలేను.

ఒప్పందం ఇప్పటికే చేసినవారు ఒక పని చేయాలి. రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి సర్టిఫైడ్ నకలు తీసుకోండి. తెలుగు పేజీలు అందులో ఉన్నాయో లేదో చూడండి. చాలాచోట్ల ఇంగ్లీషు మాత్రమే రిజిస్టరు చేసి, తెలుగు పేజీలను విడిగా కుట్టి ఇస్తున్నారు. నకలులో లేని పేజీలు రిజిస్టరైన దస్తావేజులో భాగం కావు. అయినా వాటిని పారేయకండి, కంపెనీ తరఫు సంతకం వాటిపై ఉంటే మరింత భద్రంగా దాచండి, రేపు మోసమో పొరపాటో జరిగిందని చెప్పుకోవడానికి ఆధారం అవే. తర్వాత షరతుల సంఖ్య లెక్కపెట్టండి. మా బంధువుల కాగితాల్లో తెలుగులో ఒకటి తక్కువ రావడం వల్లే నాకు అనుమానం వచ్చింది. ఆపైన అంకెలు, గడువులు, ‘ఎవరు చేయవచ్చు’ అన్న చోట్లు సరిచూస్తే మిగతాది తెలిసిన వకీలు చెబుతారు.

మరో సంగతి మీ విలేకరి వాకబు చేయాలని కోరుతున్నాను. మీ వార్తలోని ఆ రైతుల ఊళ్లోనే ఇప్పుడు కంచె హద్దులు మార్చడానికి సవరణ దస్తావేజులు రాయిస్తున్నారట. నాకు చూపించిన ముసాయిదా ఇంగ్లీషులోనే ఉంది, తెలుగు ప్రతి లేనే లేదు. మూల ఒప్పందంలోని షరతులన్నీ సవరణకూ వర్తిస్తాయని అందులో మొదటి పేరాలోనే రాశారు. ఆ సంతకాలు జరిగేలోగా మీరు ఈ ఉత్తరం ప్రచురిస్తే మేలు.

ఇట్లు,
విశ్రాంత దస్తావేజు లేఖరి,
అనంతపురం జిల్లా