నాలుగు గొంతుల్లో ఒకే కథ

హైదరాబాద్

చిరంజీవి అమ్మలుకు అమ్మ ఆశీస్సులు.

మూసీ వరదల ప్రాజెక్టుకు పన్నెండు నిమిషాల సమయం ఇచ్చారనీ, పదహారు స్లైడ్లను నలుగురూ తలా నాలుగు చొప్పున పంచుకున్నారనీ రాశావు. లెక్క సమానంగానే ఉంది కానీ పంపకం సమానంగా లేదు. వరద ఫొటో ఉన్న స్లైడు ఇరవై సెకన్లలో దాటిపోతుంది, జలాశయాల పటం ఉన్న స్లైడుకు రెండు నిమిషాలైనా పడుతుంది. కాబట్టి స్లైడ్లను కాక, ప్రశ్నలను పంచుకోండి: 1908 సెప్టెంబరు 28న మూసీ ఎందుకు పొంగింది, నగరం ఏం కోల్పోయింది, విశ్వేశ్వరయ్య ఏం సూచించారు, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాక ఏం మారింది. రెండో ప్రశ్నకు రెండు నిమిషాలు, మిగిలినవాటికి మూడేసి పెట్టుకుంటే పదకొండు అవుతాయి. ఆ మిగిలిన నిమిషం మనిషి మారేటప్పుడు ఖర్చవుతుంది, దాన్ని ముట్టుకోవద్దు. రెండో భాగం నీదే కనుక నీకు తక్కువ వచ్చిందనిపిస్తుంది. అందుకు బదులుగా, చివర సభలో వచ్చే ప్రశ్నలకు ముందుగా నువ్వే జవాబు చెబుతానని అడుగు.

మా డిగ్రీ రోజుల్లో మేమూ నలుగురమే. ముందు ముగ్గురం తలా ఒక నిమిషం ఎక్కువ తీసుకోవడంతో, నాలుగో అమ్మాయి నెలరోజులు చేసిన పనిని ఊపిరి తిరగకుండా చదివి కూర్చుంది. ఆమె ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ప్రతి ఒక్కరూ తమ భాగంలో, ఆలస్యమైతే వదిలేయదగిన రెండు వాక్యాలకు ముందే గుర్తు పెట్టుకోవాలి.

ఇక అతుకుల సంగతి. "ఇప్పుడు మా మిత్రురాలు మాట్లాడుతుంది" అని నువ్వు ఆపి, ఆమె తన పేరు చెప్పుకొని మొదలుపెడితే కథ అక్కడే తెగిపోతుంది. నలుగురి పేర్లూ మొదటి అమ్మాయే ఒక్కసారి చెప్పేయాలి. నువ్వు నీ చివరి వాక్యానికి ముందే తరువాతి స్లైడు తెరపైకి తెచ్చి, "ఈ నదిని నగరంలోకి రాకముందే ఆపడం సాధ్యమా?" అని అడిగి పక్కకు జరుగు. ఆమె వెంటనే, "సాధ్యమేనని 1909లో హైదరాబాద్ వచ్చిన విశ్వేశ్వరయ్య చెప్పారు, నగరానికి ఎగువన జలాశయాలు కట్టమన్నారు" అని అందుకోవాలి. ఈ రెండు వాక్యాలూ మీ ఇద్దరికీ అక్షరం పొల్లుపోకుండా రావాలి. మిగతావి సొంత మాటల్లో చెప్పినా ఫరవాలేదు.

అతుకు సరిగా పడలేదని ఎలా తెలుస్తుందంటే, తరువాతి అమ్మాయి నోరు తెరిచే ముందు తెరవైపు తిరిగి చూస్తుంది. సాధన చేసేటప్పుడు మొత్తం మళ్ళీ మళ్ళీ చెప్పకుండా, ఆ మూడు మలుపులనే, ముందరి రెండు వాక్యాలూ తరువాతి రెండు వాక్యాలూ కలిపి, పదేసిసార్లు చేయండి. ఆదివారం నలుగురూ మన ఇంటికి రండి, గడియారం పట్టుకొని నేను కూర్చుంటాను.

మీ అమ్మ