మానిటర్ మీద 98 ఉంది, సరే. మిగతా రెండు అంకెల సంగతేంటి?

సంపాదకుడు గారికి,

పోయిన నెల మా వీధిలో ఒకరి లాబ్రడార్‌కి గర్భసంచి తీసే ఆపరేషన్ జరిగింది. అంతా బాగానే అయిందన్నారు. మెలకువ రాకుండానే రెండు గంటల తర్వాత అది చనిపోయింది. ఆపరేషన్ జరుగుతుండగా అద్దంలోంచి తీసిన మానిటర్ ఫొటో చూపించి, ఆ ఇంటాయన నన్ను అడిగారు: ‘ఆక్సిజన్ 98 ఉంది కదా డాక్టరు గారూ, మరి ఎలా పోయింది?’ ఫొటోలో ఉన్నది ఆ ఒక్క అంకె. కేసు కాగితంలో మత్తుమందు డోసు తప్ప ఇంకేమీ రాసి లేదు. ముప్పై ఏళ్లు పశువైద్యం చేసి కూడా ఆయనకు జవాబు చెప్పలేకపోయాను.

పల్స్ ఆక్సీమీటర్ అబద్ధం చెప్పదు, ఆలస్యంగా చెబుతుంది. గొంతులో ట్యూబు వేసి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు, మామూలు గాలిలో కంటే దాదాపు ఐదు రెట్లు ఆక్సిజన్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కుక్క ఊపిరి సగానికి తగ్గినా ఆ నిల్వతో 98 చాలాసేపు కదలదు. ఈలోగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంటుంది. దాన్ని పట్టేది కాప్నోగ్రాఫ్. వదిలే ప్రతి ఊపిరి చివర ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉందో అది చూపిస్తుంది. 35 నుంచి 45 మామూలు. మత్తులో 50 దాకా ఓర్చుకోవచ్చు. 60 దాటితే మత్తు తగ్గించి, మనమే బ్యాగు నొక్కి ఊపిరి ఇవ్వాలి.

ఆ అంకె తగ్గుతుంటే ఇంకా భయపడాలి. చాలామందికి అర్థం కానిది ఇదే.

నా చేతిలోనే జరిగింది చెబుతాను. గర్భసంచిలో చీము పట్టిన ఎనిమిదేళ్ల ఆడకుక్క, 26 కిలోలు. మెషీన్ నిమిషానికి 12 ఊపిర్లు ఇస్తోంది. మొదట కార్బన్ డయాక్సైడ్ 38, సగటు బీపీ 74. ఐదు నిమిషాలకు 33, 66. ఇంకో ఐదు నిమిషాలకు 26, 52. ఆక్సీమీటర్ మాత్రం 98 దగ్గరే ఉంది. ‘నార్మలే సార్’ అన్నాడు అసిస్టెంటు. ఊపిరి మారలేదు, ట్యూబు ఊడలేదు. ఊడి ఉంటే అంకె ఒక్కసారిగా సున్నాకి పడేది. మెట్లు మెట్లుగా దిగుతోందంటే ఊపిరితిత్తులకు చేరే రక్తమే తగ్గుతోందని అర్థం. పక్కనే బీపీ కూడా అదే మాట అంటోంది. మత్తు గ్యాస్ ఐసోఫ్లూరేన్‌ని 2 శాతం నుంచి 1.2కి దించి, పావు లీటరు రింగర్ లాక్టేట్ సెలైన్ పదిహేను నిమిషాల్లో ఎక్కించమన్నాను. పొట్టలో మళ్లీ వెతికితే కుడి అండాశయం దగ్గర రక్తనాళానికి వేసిన ముడి జారి రక్తం కారుతోంది. మళ్లీ కట్టాను. కాసేపటికి 36, 70కి వచ్చాయి. ఐదేసి నిమిషాలకు కాగితం మీద రాసి ఉండబట్టి దిగుడు కనిపించింది. విడిగా చూస్తే 33 ఎవరినీ కంగారుపెట్టే అంకె కాదు.

ఇదంతా ట్యూబు, ఆక్సిజన్ ఉన్న చోటి మాట. వీధికుక్కల సంతాన నిరోధక శిబిరాల్లో చాలాచోట్ల జైలజిన్, కెటమిన్ మత్తు ఇంజక్షన్లతో, మామూలు గాలి మీదే ఆపరేషన్ కానిచ్చేస్తారు. అక్కడ నిల్వ ఉండదు, అందుకే ఆక్సీమీటరే ముందు హెచ్చరిస్తుంది. 90కి పడిందంటే గండం దగ్గరికొచ్చినట్టే. కాకపోతే నాలుక ఆరినా, దానికి పెట్టిన ఆక్సీమీటర్ క్లిప్పు ఒకేచోట చాలాసేపు నొక్కినా ఉత్తుత్తినే పడిపోతుంది. ముందు తడి గాజుగుడ్డ పెట్టి క్లిప్పు జరిపి చూడాలి. ఈలోపు ఆక్సిజన్ మాస్కు చేతిలో ఉండాలి.

వీధికుక్కల సంతాన నిరోధంపై కేంద్రం 2023 నిబంధనలు వచ్చాక మున్సిపాలిటీలు ఈ ఆపరేషన్లకు టెండర్లు పిలుస్తున్నాయి. ‘మానిటర్ ఉండాలి’ అని రాస్తే సరిపోదు. కత్తి పట్టని మనిషి ఒకరు దాని ముందు కూర్చుని ఐదు నిమిషాలకోసారి రాయాలని రాయండి. ప్రైవేటు క్లినిక్కులు ఆ కాగితం నకలు యజమానికి ఇవ్వాలి. ఇస్తారన్న నమ్మకం నాకు పెద్దగా లేదు, అడిగితే తప్ప.

ఇంకొకటి. గ్యాస్ ఆపగానే వైర్లన్నీ పీకేయడం మనకు అలవాటు. బ్రిటన్‌లో 2008లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, మత్తుతో ముడిపడిన కుక్కల మరణాల్లో దాదాపు సగం ఆపరేషన్ ముగిశాకే జరిగాయి. వాటిలో ఎక్కువ మొదటి మూడు గంటల్లోనే. మా వీధి లాబ్రడార్ పోయింది రెండు గంటల తర్వాత. అప్పటికి క్లిప్పు దాని నాలుక మీద ఉందో లేదో ఆ కేసు కాగితంలో లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పశువైద్యుడు,
వరంగల్