ఇంటర్నెట్ రద్దుకు ఫోన్ చేస్తే ఏమనాలి

అందరికీ నమస్కారం. నిన్న మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ రద్దు చేయించడానికి 20 నిమిషాలు పట్టింది. బిల్లు దగ్గర పెట్టుకుని మొదటి మాటే ఇలా అనండి: "కనెక్షన్ రద్దు చేయాలి. అభ్యర్థన నమోదు చేసి నంబరు చెప్పండి."

కారణం అడిగితే "ఇల్లు మారుతున్నాను" అనకండి, కొత్త ఇంటికి మారుస్తామంటారు. "ఇక అవసరం లేదు" చాలు. 3 నెలలు సగం ధరకే ఇస్తామని నన్నూ ఊరించారు. "వద్దండీ, నంబరు చెప్పండి" అని అదే మాట మళ్లీ అన్నాను.

"సిస్టమ్ పనిచేయడం లేదు, రేపు మేమే చేస్తాం" అంటే, "అయితే దీన్నే ఫిర్యాదుగా రాసుకుని డాకెట్ నంబరు ఇవ్వండి. తేలకపోతే మీ కంపెనీలోనే అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్తాను" అనండి. నాకు ఆ క్షణమే సిస్టమ్ పనిచేసింది!

రూటరు తీసుకెళ్లే మనిషి దగ్గర రసీదు తీసుకోండి. లేకపోతే దాని ధర డిపాజిట్‌లో కోసుకునే ప్రమాదం ఉంది.