మార్చి 31 స్టాక్ కౌంట్: తేడా వస్తే

అందరికీ నమస్కారం. రేపు గోడౌన్‌లో సరుకు లెక్కించేది కంపెనీ మనుషులే, ఆడిటర్లుగా మనం దగ్గరుండి చూస్తాం. లెక్క మొదలయ్యే ముందే చివరి డెలివరీ చలాన్, చివరి సరుకు రసీదు నంబర్లు రాసుకోండి. తర్వాత ఎంత వెతికినా ఇవి అంత నమ్మకంగా దొరకవు.

కొన్ని ఐటమ్‌లు షీటులో చూసి ర్యాక్ దగ్గర లెక్కపెట్టండి, కొన్ని ర్యాక్ దగ్గర లెక్కపెట్టి షీటులో వెతకండి. షీటులోకి ఎక్కని సరుకు రెండో పద్ధతిలోనే బయటపడుతుంది.

తేడా వస్తే ఏం చేయాలో ఒక ఉదాహరణ. పురుగుమందు పెట్టెలు పుస్తకంలో 1,240, కౌంట్‌లో 1,180. తక్కువ 60. చలాన్లు చూస్తే 31న పొద్దున్నే 48 పెట్టెలు డీలర్‌కి చేరాయి, బిల్లు మాత్రం ఏప్రిల్ 1న వేశారు. మిగతా 12 కారిపోయిన పెట్టెలు, వెనక షెడ్డులో విడిగా పెట్టారు, ఎవరూ లెక్కించలేదు.

ఇక్కడ 60 పెట్టెలనూ ‘కొరత’ అని రాసేయడానికి అస్సలు ఒప్పుకోవద్దు. ఆ 48 పెట్టెలు మార్చి అమ్మకం. కొరతగా రాస్తే ఈ ఏడాది లేని నష్టం కనిపిస్తుంది, ఏప్రిల్ బిల్లుతో అదే సరుకు స్టాక్‌లోంచి రెండోసారి తగ్గుతుంది. కారిన 12 పెట్టెలు కౌంట్‌లోకి రావాలి, కానీ కొన్న ధరకు కాదు. అమ్మితే ఖర్చులు పోను ఎంత వస్తుందో అంతకే. ఏమీ రాదనుకుంటే విలువ సున్నా.

షీట్ల కాపీ మీద స్టోర్ ఇన్‌ఛార్జ్ సంతకం తీసుకున్నాకే బయలుదేరండి.