అబ్బ రాసిన అక్షరాలు

అమ్మీ,

పెద్దబ్బ దినాలు నిన్నటితో అయిపోయినాయి. పరీక్షలు వదిలేసి రావద్దని నేనే చెప్పాను కాబట్టి నువ్వు రాలేదని మనసులో పెట్టుకోవద్దు. ఫోన్లో మాట్లాడితే ఏడుపు వస్తుందని ఇలా కాగితం మీద రాస్తున్నాను. ఆయన గురించి నీకు తెలిసింది తక్కువ. నువ్వు పుట్టేటప్పటికే ఆయనకు చూపు మందగించింది. నీకు అక్షరాలు నేర్పే వంతు ఆయనకు రాలేదు.

నాకు నేర్పింది ఆయనే. నీకు పెద్దబ్బ, నాకు అబ్బ, అంటే తాత. మా అమ్మానాయన పొద్దున్నే చేనికి పోతే, నేను అబ్బ దగ్గరే ఉండేదాన్ని. ఎర్రగుంట్ల పక్కన నాపరాళ్ల గనిలో ఆయన ముప్పై ఏళ్లు రాళ్లు కొట్టినాడు. సుత్తి దెబ్బకు కుడి చూపుడువేలి గోరు ఎప్పుడో ఊడిపోయి మళ్లీ సరిగా రాలేదు. ఆ వేలితోనే రాసేవాడు.

ఇంట్లో మార్కాపురం పలక ఒకటి ఉండేది. బలపం ఇస్తే నేను రాయకుండా కొరికి తినేదాన్నని అబ్బ దాన్ని గూట్లో పెట్టేసినాడు. మా నడవంతా నాపబండలే కదా. చెంబులో నీళ్లు పెట్టుకుని, ఆ గోరులేని వేలు ముంచి, బండ మీద అక్షరం రాసేవాడు. బూడిదరంగు బండ మీద తడి గీత నల్లగా కనిపించేది. ఎండాకాలం మధ్యాహ్నం అయితే, ఆయన అక్షరం పూర్తి చేసేలోపే మొదలుపెట్టిన చోట ఆరడం మొదలయ్యేది. "అచ్చరాన్ని సూడొద్దు, నా వేలు సూడు. అచ్చరం ఉండదు, పోతాది" అనేవాడు. నేను వేలి వైపే చూసేదాన్ని. ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది. ఆరిపోయిన చోటనే నేను మళ్లీ రాయాలి. ఇప్పటికీ ఎవరైనా తెలుగు రాస్తుంటే నా కళ్లు కాగితం మీదికి కాకుండా వాళ్ల చేతి మీదికి పోతాయి.

అ ఆ ఇ ఈ వరుసలో ఆయన మొదలుపెట్టలేదు. అ రాయడం చిన్నపిల్లలకు ఎంత కష్టమో నీకు గుర్తుండదు. మొదట సున్న. వారం రోజులు సున్నలే. ఎడమవైపు నుంచి మొదలైనా కుడివైపు నుంచి మొదలైనా సరే, గుండ్రంగా వచ్చి రెండు కొసలు కలవాలి. అది కుదిరినాక దాని మీద తలకట్టు పెట్టించి, ఇది ర అన్నాడు. తర్వాత గ. తర్వాత వ. వ వచ్చినాక ప. ఈ రెండింటికీ నేను చాలా రోజులు తికమక పడ్డాను. వకు తలకట్టు అంటుకుని ఉంటుంది, పకు అంటుకోదు, మధ్యలో సందు ఉండాలి. అబ్బ ఆ సందులో చీపురుపుల్ల ఒకటి పెట్టి చూపించేవాడు. పుల్ల పడితే ప, పట్టకపోతే వ.

తలకట్టు ఎప్పుడూ చివర్నే. "ఇల్లు కట్టకుండా పైకప్పు ఏస్తామా" అనేవాడు. నేను ముందే పెట్టేస్తే చెంబులో నీళ్లు ఆ అక్షరం మీద గుమ్మరించి, బండ ఆరేదాకా కూర్చోబెట్టేవాడు. కోప్పడటం తెలియదు. ఆరేదాకా ఆయన కూడా పక్కనే కూర్చునేవాడు.

ఒకరోజు ఆవు అని రాయమన్నాడు. ఆ రాసినాను, వ రాసినాను, కుడిపక్కన కొమ్ము పెట్టినాను. గుణింతంలో అన్నిటికీ అట్లే పెడుతున్నాను కదా అని నా ధీమా. అబ్బ వంగి చూసి, పైకి చదివినాడు. "ఆమ. ఆమ ఎవురే?" నాకు అర్థం కాలేదు. ఆవు అని గట్టిగా చెప్పినాను. ఆయన మళ్లీ "ఆమ" అన్నాడు. అప్పుడు నా వేలు పట్టుకుని వ మళ్లీ రాయించి, పక్కన కొమ్ము తగిలించి, "ఇప్పుడు ఇది ఏంది?" అన్నాడు. చూస్తే మ. వకు పక్కన కొమ్ము పెడితే మ అయిపోతుంది, అందుకే వు రాసేటప్పుడు కొమ్మును అక్షరం కిందినుంచి తీసుకొచ్చి పైకి తిప్పాలి. పు, ఫు కూడా అంతే. ఈ సంగతి నాకు తర్వాత ఏ టీచరూ చెప్పలేదు. అందరూ 'అలా రాయాలి' అన్నారు, అంతే. ఎందుకు అట్ల రాయాలో అబ్బ ఒక్కడే చెప్పినాడు.

బడిలో చేరినాక ఒకసారి ఊరి పేరు ఎఱ్ఱగుంట్ల అని బండి ఱతో రాసినాను, అబ్బ అట్లే నేర్పినాడు కాబట్టి. టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేసి, అంతా క్లాసు ముందు నిలబెట్టినారు. ఇంటికొచ్చి ఏడిస్తే అబ్బ చెంబు తెచ్చుకుని రెండు రకాలుగానూ బండ మీద రాసినాడు. "రెండూ ఉండాయి. పరీచ్చలో ఆయప్ప సెప్పినట్ల రాయి, ఇంట్లో నేను సెప్పినట్ల రాయి." ఇప్పుడు ఎవరూ బండి ఱ రాయడం లేదు, నేనూ రాయడం లేదు. దినాలకు కార్డు కొట్టించేటప్పుడు మాత్రం ఊరి పేరు దగ్గర ఱ వేయమని అడిగినాను. ప్రింటింగ్ ప్రెస్ అబ్బాయికి కంప్యూటర్లో అది వెతకడానికి పది నిమిషాలు పట్టింది.

హైస్కూల్లో ఉన్నప్పుడు కలమళ్ల శాసనం గురించి చదివినాను. తెలుగులో దొరికిన శాసనాల్లో మొదటిది, సుమారు క్రీ.శ. 575 నాటిది, రేనాటి చోళరాజు ధనుంజయుడు వేయించింది. కలమళ్ల అంటే మా పక్కనే, ఇప్పుడు థర్మల్ పవర్ ప్లాంటు ఉన్న చోటు. గొప్పగా ఉంటుందని పరిగెత్తుకుంటూ పోయి అబ్బకు చెప్పినాను. ఆయన రాజు గురించి ఏమీ అడగలేదు. చాలాసేపు ఊరుకుని, "రాయి మింద చెక్కేటప్పుడు ఒక అచ్చరం తప్పు పడితే ఏం జేసుంటాడో పాపం" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయినాను. ఆ రాత్రి భోంచేసేటప్పుడు కూడా అదే ఆలోచిస్తున్నాడు. "సుత్తి మెల్లిగా కొట్టుంటాడు" అన్నాడు చివరికి.

పోయిన ఏడాది నుంచి చూపు దాదాపు పోయింది. మంచం మీద పడుకుని దుప్పటి మీద వేలితో ఏదో రాస్తుండేవాడు. నేను పక్కన కూర్చుని ఆ వేలు చూసి చదివేదాన్ని. ఎక్కువగా పేర్లే. మా అవ్వ పేరు, గనిలో ఆయనతో పనిచేసినవాళ్ల పేర్లు. ఒకసారి నీ పేరు కూడా రాసినాడు. అప్పుడు నీకు చెప్పాలనుకుని మర్చిపోయినాను.

రెండు నెలల కింద బ్యాంకులో డబ్బు తీయాల్సి వచ్చింది. ఆటోలో తీసుకుపోయినాను. చెయ్యి వణుకుతుంది, వేలిముద్ర వేయండి తాతా అన్నారు అక్కడ. అబ్బ ఒప్పుకోలేదు. పెన్ను ఎక్కడ ఆనించాలో నేను చూపిస్తే, సుబ్బయ్య అని రాయడం మొదలుపెట్టినాడు. స రాసి, కొమ్ము పెట్టి, తలకట్టు పెట్టినాడు. బకు తలకట్టు ఉండదు కదా, కింద వత్తు పెట్టి ముందుకు పోయినాడు. య రాసినాడు, యావత్తు లాగినాడు. వెనక లైను పెద్దది అవుతుంటే కౌంటర్లో ఉన్నాయన అయిపోయిందనుకుని ఫారం లాగేసుకున్నాడు. అబ్బ వేళ్లు పెన్ను పట్టుకునే గాల్లో ఆగినాయి. కాసేపటికి సంతకం కలవలేదని ఫారం తిప్పి ఇచ్చేసినారు. చివరికి వేలిముద్రే వేయించినాము. ఇంటికి వచ్చేదాకా అబ్బ ఏమీ మాట్లాడలేదు.

ఆ ఫారం నేను పారేయలేదు. ఈ ఉత్తరంలో మడిచి పెడుతున్నాను, జాగ్రత్తగా దాచుకో. సంతకంలో చివరి అక్షరం చూడు. యకు తలకట్టు లేదు.

మీ అమ్మ