నలుగురు చేసిన ప్రాజెక్టుకు నలుగురికీ ఒకే మార్కా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుకు బ్యాచ్‌లు వేసే రోజులివి. నోటీసు బోర్డు మీద నాలుగేసి రోల్ నంబర్లు, వాటి ఎదురుగా ఒక గైడ్ పేరు, ఒక నంబరు పక్కన 'టీఎల్' అని ఉంటుంది. టీమ్ లీడర్ అన్నమాట. రెండేళ్ల కిందట అది నా నంబరు పక్కన పడింది. ఇంట్లో చెబితే అమ్మ సంతోషించింది కూడా. ఆ హోదాకు ఏ అధికారమూ లేదని, పనిచేయని వాణ్ని అడిగే హక్కు కూడా లేదని నాకు రెండో రివ్యూ నాటికి గానీ తెలియలేదు.

మా ప్రాజెక్టు మిరప ఆకు ఫొటో తీస్తే తెగులేదో చెప్పే యాప్. పని నాలుగు భాగాలు చేసుకున్నాం. ఫొటోలు సేకరించడం ఒకడికి, మోడల్‌ని ట్రైన్ చేయడం నాకు, యాప్ స్క్రీన్లు నాలుగోవాడికి, డాక్యుమెంటేషన్, పీపీటీ మా బ్యాచ్‌లో ఉన్న ఒకే ఒక్క అమ్మాయికి. (బ్యాచ్‌లో అమ్మాయి ఉంటే డాక్యుమెంటేషన్ ఆమెకే వెళ్తుంది. ఆమె కోడ్ నాకంటే బాగా రాస్తుందని నాకు తెలుసు. అయినా అలాగే పంచాను. అది నా తప్పే.)

యాప్ స్క్రీన్లు రాలేదు. "ఏరా, నీ పార్ట్ ఎంతవరకు వచ్చింది?" అంటే "అయిపోవచ్చిందిరా, రేపు పంపుతా" అనేవాడు. ఆ రేపు నెల దాటింది. రెండో రివ్యూ ఇంకా మూడు రోజులుందనగా నేనే కూర్చుని రెండు రాత్రుల్లో ఆ స్క్రీన్లు చేసేశాను. రివ్యూలో గైడ్ సార్ "యాప్ ఎవరు చేశారు?" అని అడిగారు. "వాడే సార్" అని చెప్పాను.

ఈ లేఖ రాయడానికి కారణం ఆ రెండు మాటలే. స్నేహం కోసం అన్నవి కావు అవి. నిజం చెబితే "మీలో మీకే కోఆర్డినేషన్ లేదు" అని బ్యాచ్ మొత్తానికీ మార్కులు తగ్గుతాయి. మా దగ్గర ప్రాజెక్టుకు 40 మార్కులు ఇంటర్నల్, 60 ఎక్స్‌టర్నల్. రెండూ బ్యాచ్‌కి కలిపే పడతాయి. పనిచేయని వాడి పేరు చెబితే పోయేది నా మార్కు కూడా. ఆ అమ్మాయి మార్కూ పోతుంది, ఫొటోలు తెచ్చినవాడి మార్కూ పోతుంది. అందరికీ ఒకే మార్కు అనే పద్ధతి పనిచేయని వాడికి మేలు చేయడంతో ఆగడం లేదు. పనిచేసినవాడి చేత అబద్ధం ఆడిస్తోంది. ఆ అబద్ధం వల్ల గైడ్‌కి ఏమీ తెలియదు. తెలిసినా రాయడానికి ఆయన షీట్‌లో గడి లేదు.

ఫొటోలు తెచ్చినవాడి సంగతి ఇంకోలా జరిగింది. వాడిది ఖమ్మం వైపు మిరప పండించే ఊరు. లాప్‌టాప్ లేదు. కోడ్ ఒక్క లైనూ రాయలేదు. కానీ సెలవులకు వెళ్లినప్పుడల్లా చేలల్లో తిరిగి 640 ఫొటోలు తెచ్చాడు. ఒక్కో దాని మీద పేరు రాశాడు. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగుల వల్ల. కిందికి తిరగేసిన దోనెలా ముడుచుకుంటే కింది ముడత, అది నల్లి వల్ల. రెండింటికీ కొట్టే మందులు వేరు. నాకు రెండూ ముడతే. నేను ముందు ఇంటర్నెట్లో దొరికిన ఫొటోలతో ట్రైన్ చేసిన మోడల్ ఈ రెండింటినీ కలిపేసేది. వాడు విడదీసి ఇచ్చిన ఫొటోలతోనే అది దారిలో పడింది. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వాణ్ని "నువ్వు ఏ మాడ్యూల్ కోడ్ చేశావ్?" అని అడిగారు. "నేను కోడ్ రాయలేదు సార్" అన్నాడు. ఆయన తల పంకించి పక్కవాడి వైపు తిరిగారు. పక్కవాడు నేను రాసిన స్క్రీన్ల గురించి, నేను ముందురోజు నేర్పించినట్టే, గడగడా చెప్పేశాడు.

చివరికి నలుగురికీ ఒకే మార్కు పడింది.

ఇలాంటి చోట ఎవరెంత చేశారో కోడ్ హిస్టరీ చూస్తే తెలిసిపోతుంది కదా అని కొందరు అధ్యాపకులు అంటారు. మా హిస్టరీ తీసి చూస్తే అంతా నా పేరే కనిపిస్తుంది, ఎందుకంటే అప్‌లోడ్లన్నీ నా లాప్‌టాప్ నుంచే వెళ్లాయి. 640 ఫొటోలు కూడా నా పేరు మీదే ఉన్నాయి. 70 పేజీల రిపోర్టు రాసిన అమ్మాయి అందులో అసలు కనబడదు. ఎవరెంత చేశారో నిజంగా తెలిసేది మిగతా ముగ్గురికే. కాబట్టి వాళ్లనే అడగాలి. అయితే ముఖాముఖి కాదు, రహస్యంగా.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీ 'వెబ్‌పీఏ' అనే సాఫ్ట్‌వేర్‌తో ఈ పని చేసింది. దానికి సాఫ్ట్‌వేర్ కూడా అవసరం లేదు, కాగితం చాలు. ప్రతి ఒక్కరికీ 30 పాయింట్లు ఇస్తారు. వాటిని తనకు కాకుండా మిగతా ముగ్గురికీ పంచాలి. మా బ్యాచ్‌లో ఇలా జరిగి ఉంటే ఎలా ఉండేదో వేసి చూశాను. నేను ఫొటోలవాడికి 13, అమ్మాయికి 12, నాలుగోవాడికి 5 ఇచ్చాననుకోండి. ఫొటోలవాడు నాకు 14, అమ్మాయికి 11, నాలుగోవాడికి 5. అమ్మాయి నాకు 14, ఫొటోలవాడికి 11, నాలుగోవాడికి 5. నాలుగోవాడు మొహమాటానికి అందరికీ తలా 10. ఇప్పుడు ఎవరికి ఎన్ని వచ్చాయో కూడితే నాకు 38, ఫొటోలవాడికి 34, అమ్మాయికి 33, నాలుగోవాడికి 15. మొత్తం 120, అంటే సగటు 30. ఎవరి పాయింట్లను 30తో భాగిస్తే వాళ్ల గుణకం వస్తుంది. నాలుగోవాడి గుణకం సరిగ్గా సగం.

బ్యాచ్‌కి 100కి 80 వచ్చాయనుకుందాం. అందులో సగం, అంటే 40, అందరికీ సమానంగా ఉంచి, మిగతా 40ని మాత్రమే గుణకంతో హెచ్చించాలి. అప్పుడు నాకు సుమారు 91, ఫొటోలవాడికి 85, అమ్మాయికి 84, నాలుగోవాడికి 60 వస్తాయి. వాడు ఫెయిల్ కాలేదు. తన జీవితమేమీ పాడవలేదు. మా ముగ్గురితో సమానం కాలేదు, అంతే.

నా మటుకు నాకు ఆ 91 అక్కర్లేదు. ఎందుకంటే లీడర్‌కి ఎక్కువ మార్కులు పడతాయంటే వాడు ఎవరికీ పని ఇవ్వకుండా అంతా తనే చేసుకుపోతాడు. నాలోనూ ఆ గుణం ఉంది. ఇలాంటి పద్ధతినే వాడిన కొందరు అమెరికా అధ్యాపకులు గుణకం 1.05 దాటకుండా కట్టడి పెట్టారు. అది ఇక్కడ పెడితే నాకు వచ్చేది 82. మిగతా ఇద్దరికీ 82. ముగ్గురికీ న్యాయమే.

స్నేహితులు ఒకరికొకరు పాయింట్లు వేసుకోరా? వేసుకుంటారు. కానీ అది కాగితం మీద కనబడుతుంది. ఒకడికి ఇద్దరు 5 వేసి మూడో మనిషి 14 వేస్తే గైడ్ ఆ ముగ్గురినీ విడివిడిగా పిలిచి "ఎందుకు వేశావో ఒక ఉదాహరణ చెప్పు" అని అడగాలి. అసలు ప్రతి అంకె పక్కన ఒక వాక్యం కారణం రాయించాలి. కులం, ఊరు, ఆడా మగా లెక్కలు చూసి తక్కువ వేసే ముగ్గురు ఒకే బ్యాచ్‌లో పడితే మాత్రం ఈ లెక్క నాలుగో మనిషికి అన్యాయమే చేస్తుంది. అందుకే చివరి మాట గైడ్‌దే కావాలి, అంకెలది కాకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, దీన్ని చివర్లో ఒక్కసారి చేస్తే లాభం లేదు. మొదటి రివ్యూ అయిన వెంటనే మార్కులతో సంబంధం లేకుండా ఒకసారి చేయించి, ఎవరి సగటు వాళ్లకు చూపించాలి. మా నాలుగోవాడు చెడ్డవాడేం కాదు. వాడికి ఆ స్క్రీన్లు చేయడం రాదు, రాదని చెప్పడానికి సిగ్గు. ఆ సంగతి వాడు నాకు కాన్వొకేషన్ రోజున చెప్పాడు. నవంబర్‌లోనే 5 అని కాగితం మీద చూసి ఉంటే ఆ సంభాషణ అప్పుడే అయ్యేది. నేను వాడికి వచ్చిన పనేదో ఇచ్చేవాణ్ని. వాడికి టెస్టింగ్ బాగా వచ్చు, క్రికెట్ స్కోర్ల యాప్‌లో తప్పులు పట్టేవాడు!

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని మనకు తెలిసిందే. 1979లో అమెరికాలో లటానే, విలియమ్స్, హార్కిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని చప్పట్లు, అరుపులతో కొలిచారు. గుంపులో అరిచేటప్పుడు ఒక్కో మనిషి ఒంటరిగా అరిచినంత గట్టిగా అరవలేదు. తర్వాతి ప్రయోగంలో ఎవరి గొంతు ఎంతో విడిగా తెలుస్తుందని చెబితే ఆ తగ్గుదల పోయింది. వాళ్లను ఎవరూ తిట్టలేదు, ఎవరి మార్కులూ కోయలేదు. విడిగా తెలుస్తుందన్న ఎరుక చాలింది.

కోర్సుల నాణ్యతకు ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కోసం కాలేజీలు నింపే ఫైళ్లలో విద్యార్థి ఒంటరిగానూ, జట్టులోనూ ఎంత బాగా పనిచేస్తాడన్నది ఒక అంశం. దానికి ఆధారంగా చాలాచోట్ల చూపించేది ఈ ప్రాజెక్టు మార్కులనే. నలుగురికీ ఒకే అంకె వేసి, దాంతో ఒక్కొక్కరి జట్టు పనిని కొలిచామంటున్నారు.

యూనివర్సిటీలు సిలబస్ మార్చనక్కర్లేదు. మార్కుల షీట్‌లో బ్యాచ్ మార్కు పక్కన 'గుణకం' అని ఒక గడి, దాని కింద గైడ్ సంతకం, విద్యార్థులకు అరపేజీ ఫారం ఉంటే సరిపోతుంది. ఎక్స్‌టర్నల్ కూడా 'ఏ మాడ్యూల్ కోడ్ చేశావ్' అనడం మాని 'ఈ ప్రాజెక్టులో నువ్వు లేకపోతే ఏది ఆగిపోయేది' అని అడిగితే మా ఫొటోలవాడు పది నిమిషాలు మాట్లాడేవాడు.

ఆ ఫారం నమూనా ఒకటి తయారుచేసి, కిందటి నెల సర్టిఫికెట్ల కోసం వెళ్లినప్పుడు మా హెచ్‌ఓడీ గారికి ఇచ్చాను. బాగుందన్నారు. "అయితే ఈ ఏడాది బ్యాచ్‌లు వేసేశాం కదా, వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. మొదటి రివ్యూ ఇంకా ఆరు వారాలు ఉంది.

ఇట్లు,
ఒక మాజీ టీమ్ లీడర్
(పేరు, కాలేజీ పేరు ప్రచురించవద్దని మనవి)