ఎగరని గంటకు జీతమెందుకు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయి ప్రయాణికులు విమానాశ్రయాల్లో చిక్కుకుపోయినప్పుడు, పైలట్ల విశ్రాంతి నిబంధనల గురించి పత్రికల్లో చాలా చర్చ జరిగింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరగడం, రాత్రి ల్యాండింగుల మీద పరిమితి రావడం పాఠకులకు బాగానే తెలిశాయి. కానీ అదే పైలట్‌కు జీతం ఎలా లెక్కకడతారన్న విషయం మాత్రం చర్చలో నా కంట పడలేదు. ఒక విమానసంస్థలో సిబ్బందికి రోస్టర్లు, అంటే ఎవరు ఏ రోజు ఏ విమానంలో వెళ్లాలో చెప్పే పట్టికలు, వేసే పనిలో చాలా ఏళ్లు ఉన్నవాడిని కాబట్టి నాకు ఆ రెండూ వేరువేరుగా కనిపించవు.

పైలట్ జీతంలో సాధారణంగా మూడు అంశాలుంటాయి. ఒకటి, నెలకు ఇంత అని స్థిర వేతనం. రెండు, ఎగిరిన ప్రతి గంటకు ఇచ్చే రేటు. ఇక్కడ గంట అంటే చక్రాల కింది దిమ్మలు తీసి విమానం కదిలినప్పటి నుంచి మళ్లీ ఆగి దిమ్మలు పెట్టేదాకా. దీన్నే బ్లాక్ గంట అంటారు. మూడోది గ్యారంటీ గంటలు. ఆ నెలలో ఎంత తక్కువ ఎగిరినా, కనీసం ఇన్ని గంటలకు డబ్బు చెల్లిస్తామనే హామీ. మన దేశంలో చాలాకాలం 70 గంటలు మామూలు అంకె. టాటాల చేతికి వెళ్లాక ఎయిరిండియా 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కొత్త ఒప్పందంలో దీన్ని 40కి తగ్గించింది. పైలట్ల సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. మరుసటి ఏడు ఎయిరిండియాలో విలీనానికి ముందు విస్తారా విమానసంస్థ పైలట్లకూ అదే 40 గంటల ఒప్పందం వచ్చింది. 2024 మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పెద్ద సంఖ్యలో పైలట్లు అనారోగ్యమని సెలవు పెట్టడం, వందకు పైగా విమానాలు రద్దవడం, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రోజువారీ నివేదిక అడగడం, చివరికి ఆ సంస్థ రోజుకు 25 నుంచి 30 విమానాలు తగ్గించుకోవడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నా స్నేహితుల్లోనే కొందరు, “ఎగరని గంటలకు కూడా జీతం కావాలా?” అని నవ్వారు. ఈ లేఖ వాళ్ల కోసమే.

ఒక లెక్క చూద్దాం. అంకెలు ఏ సంస్థవీ కావు, లెక్క సులువుగా ఉండాలని నేను తీసుకున్నవి. స్థిర వేతనం 2 లక్షలు, గంటకు 2,500 రూపాయలు అనుకోండి. ఒక నెలలో పైలట్ 76 గంటలు ఎగిరితే, గ్యారంటీ 70 అయినా 40 అయినా అతనికి వచ్చేది 3,90,000 రూపాయలే. పైసా తేడా లేదు. యాజమాన్యం చూపించే ఉదాహరణ ఎప్పుడూ ఇలాంటి నెలదే. ఇప్పుడు అతనికి అయిదు రోజులు జ్వరం వచ్చి, ఆరునెలలకోసారి తప్పనిసరిగా ఇచ్చే రెండు రోజుల సిమ్యులేటర్ పరీక్ష కూడా అదే నెలలో పడిందనుకోండి. సిమ్యులేటర్ నేల మీదే ఉండే నకిలీ కాక్‌పిట్ కాబట్టి అందులో ఎన్ని గంటలు చెమటోడ్చినా బ్లాక్ గంట సున్నా. ఎగిరినవి 46 గంటలే. పాత పద్ధతిలో 3,75,000, కొత్త పద్ధతిలో 3,15,000. అంటే గ్యారంటీ అనేది బాగున్న నెలలో కనిపించనే కనిపించదు. చెడ్డ నెల నష్టం ఎవరి జేబులోంచి పోవాలన్నదే అది తేలుస్తుంది.

ఆ నష్టం పైలట్ సోమరితనం వల్ల వచ్చేదయితే అతని జేబులోంచే పోనివ్వండి. కానీ తన గంటలను పైలట్ నిర్ణయించుకోడు. నాలాంటి వాళ్లు నిర్ణయిస్తారు. ఇంజను దొరక్క విమానం మూలపడినా, పొగమంచుకు సర్వీసు రద్దయినా, ఎవరైనా రాకపోతే పిలవడానికి అతన్ని స్టాండ్‌బైలో కూర్చోబెట్టినా, గంటలు పోయేది అతనికి. కొన్ని సంస్థలు స్టాండ్‌బైకి కొద్దిపాటి గంటలు జమ చేస్తాయి, కొన్ని అదీ చేయవు.

పైలట్లకన్నా క్యాబిన్ సిబ్బంది పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి వస్తే బ్లాక్ గంటలు సుమారు నాలుగు గంటల నలభై నిమిషాలు. తిరుపతి వెళ్లి వచ్చి, మళ్లీ విజయవాడ వెళ్లి వచ్చినా దాదాపు అంతే. కానీ మొదటి దాంట్లో ప్రయాణికులను రెండుసార్లు ఎక్కించాలి, రెండో దాంట్లో నాలుగుసార్లు. సామాను సర్దించడం, సీటు గొడవలు తీర్చడం, విమానం నేల మీద ఉండగానే జరిగే పని. దిమ్మలు తీయలేదు కనుక మీటరు తిరగదు. ఈ నేల మీది పనికి డబ్బు అడిగే 2025 ఆగస్టులో ఎయిర్ కెనడా క్యాబిన్ సిబ్బంది పదివేల మందికి పైగా సమ్మె చేశారు. అమెరికాలో డెల్టా 2022లోనే బోర్డింగ్ సమయానికి సగం రేటు ఇవ్వడం మొదలుపెట్టింది.

గ్యారంటీని దుర్వినియోగం చేసేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. 70 గ్యారంటీ ఉన్న రోజుల్లో, నెల చివరికి 50 గంటలు కూడా దాటని వాళ్లలో కొందరికి సరిగ్గా 27వ తేదీన కడుపునొప్పి వచ్చేది. మిగిలిన రెండు విమానాలు ఎగిరినా ఎగరకపోయినా వాళ్లకు వచ్చేది ఒకటే మరి. వాళ్లను తిట్టుకుంటూ రాత్రి పదకొండు గంటలకు ఇంకొకరిని వెతికినవాణ్ణి నేనే. కానీ దీనికి విరుగుడుగా గ్యారంటీ తగ్గిస్తే పుట్టే జబ్బు వేరు. గ్యారంటీ తగ్గాక ఒక తెల్లవారుజామున ఒక ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, ఫోను చేశాడు. గొంతు బొంగురుపోయి ఉంది, జలుబు. చెవులు మూసుకుపోయినప్పుడు ఎగిరితే విమానం దిగేటప్పుడు కర్ణభేరి దెబ్బతినవచ్చు, అది అతనికీ తెలుసు. అయినా మొదట అడిగిన ప్రశ్న, “సార్, ఈ నెల నాకు ఎన్ని గంటలయ్యాయి?” 44 అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సరే, వస్తున్నాను” అన్నాడు. నేనే అతన్ని రోస్టర్ నుంచి తప్పించాను. ప్రతి రోస్టర్ గుమాస్తాకూ ఆ వెసులుబాటు ఉండదు, అవతలి గొంతు అంత బొంగురుగానూ ఉండదు.

విశ్రాంతి నిబంధనల దగ్గర నాకు కనిపించే చిక్కు ఇదే. వారపు విశ్రాంతి 12 గంటలు పెరిగి, రాత్రి ల్యాండింగులు తగ్గితే చాలామంది నెలసరి గంటలు తగ్గుతాయి. గంటలు 40కి పైన ఉన్నంతవరకు తగ్గిన ప్రతి గంటకూ జీతం తెగుతుంది. అలసట తగ్గించడానికి ప్రభుత్వం ఇచ్చిన విశ్రాంతికి ఖర్చు పెట్టుకునేది అలసిపోయినవాడే అన్నమాట. డీజీసీఏ ఎన్ని గంటలు ఎగరవచ్చో చెబుతుంది గానీ జీతాల జోలికి రాదు. జీతం ఎంత ఇవ్వాలో అది నిర్ణయించనక్కర్లేదు. జబ్బు సెలవుకు, సిమ్యులేటర్ రోజులకు, వైద్య పరీక్ష రోజుకు గంటలు జమ చేయాలని అడిగితే చాలు. పాత గ్యారంటీ 70 గంటలను నెలలోని 30 రోజులతో భాగిస్తే రోజుకు రెండు గంటల ఇరవై నిమిషాలు. పై ఉదాహరణలోని పైలట్‌కు అయిదు జ్వరం రోజులకూ రెండు సిమ్యులేటర్ రోజులకూ కలిపి సుమారు పదహారు గంటలు జమవుతాయి. 46 కాస్తా 62 అవుతుంది. నెలాఖరు కడుపునొప్పికి డాక్టరు చీటీ అడగవచ్చు, దానికి నాకు అభ్యంతరం లేదు.

ఇంకొక పని కూడా కష్టమైనది కాదు. గ్యారంటీ తగ్గించిన సంస్థల నుంచి, తగ్గించక ముందు పన్నెండు నెలల అనారోగ్య సెలవుల లెక్క, తర్వాతి పన్నెండు నెలల లెక్క డీజీసీఏ తెప్పించుకోవాలి. జనవరిని జనవరితో, జూలైని జూలైతో పోల్చాలి. జలుబు సెలవులు ఒక్కసారిగా పడిపోయి, అలసిపోయామని సిబ్బంది ఇచ్చే నివేదికలు మాత్రం అలాగే ఉంటే, లేదా పెరిగితే, సిబ్బందికి ఆరోగ్యం కుదిరిందని ఎవరూ అనుకోరు. ఆ అంకెలు ప్రతి సంస్థ రోస్టర్ కంప్యూటర్లోనూ ఉన్నాయి. తీయడానికి ఒక పూట పడుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత రోస్టర్ ఉద్యోగి,
హైదరాబాద్